స్క్రీన్ మీద 90 శాతం, చర్మం మీద ఎంత?

పదేళ్ల పిల్లాడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త పాలిపోయి ఉంది, అంతే. దురద లేదు, నొప్పి లేదు. కడుపులో నులిపురుగులున్నాయేమో మందు వేయించమంటుంది అమ్మమ్మ. కాల్షియం తగ్గి ఉంటుందంటుంది పక్కింటావిడ. తల్లి ఫోన్ తీసి మచ్చని ఫొటో తీసి, చర్మవ్యాధుల్ని గుర్తుపట్టే యాప్‌లో పెడుతుంది. రెండు క్షణాల్లో జవాబొస్తుంది. పిటిరియాసిస్ ఆల్బా, 90 శాతం. దాని కింద చిన్న అక్షరాల్లో మరో రెండు పేర్లు: శోభి 7 శాతం, బొల్లి 3 శాతం.

పిటిరియాసిస్ ఆల్బా అంటే పొడి చర్మం ఉన్న పిల్లల్లో, ఎక్కువగా బుగ్గల మీద, కొన్నిసార్లు చేతుల మీద కనిపించే పాలిపోయిన మచ్చ. మాయిశ్చరైజర్ రాస్తూ ఉంటే కొన్ని నెలలకి దానంతటదే పోతుంది. భయపడాల్సిన జబ్బు కాదు. తల్లి నిశ్చింతగా ఫోన్ పక్కన పెట్టేస్తుంది.

ఈ తల్లినీ బిడ్డనీ నేను కల్పించాను. ఆ 90 శాతం పుట్టే లెక్క మాత్రం కల్పితం కాదు, ఇలాంటి యాప్‌లు చాలావరకు చేసేది అదే. ఆ లెక్క తెలిస్తే తల్లి ఫోన్‌ని అంత త్వరగా పక్కన పెట్టదు. ఎందుకంటే పాలిపోయి, దురద లేకుండా ఉండే ఒంటరి మచ్చకి మన ప్రాంతంలో డాక్టర్లు తప్పకుండా గుర్తుచేసుకునే మరో కారణం ఉంది: కుష్ఠు. యాప్ చూపిన మూడు పేర్లలో అది లేదు. తక్కువ శాతంతో కూడా లేదు.

ఎందుకు లేదో చూద్దాం. ఫొటోని చూసి జబ్బు పేరు చెప్పే మోడల్‌కి ముందుగా కొన్ని పేర్ల జాబితా ఇస్తారు. ఒక్కో పేరు కింద వందలో వేలో ఫొటోలు చూపించి నేర్పుతారు. ఆ తర్వాత మీరు ఏ ఫొటో పెట్టినా అది జాబితాలోని ప్రతి పేరుకీ ఒక స్కోరు వేస్తుంది. మన ఉదాహరణలో జాబితాలో మూడే పేర్లున్నాయనీ, ఆల్బాకి 4, శోభికి 1.5, బొల్లికి 0.5 స్కోర్లు పడ్డాయనీ అనుకుందాం. ఇవి ఇంకా శాతాలు కావు. వీటిని శాతాలుగా మార్చడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు సాఫ్ట్‌మాక్స్. సుమారు 2.718 విలువ ఉన్న ఒక గణిత సంఖ్యని తీసుకుని, దాని మీద ఒక్కో స్కోరునీ ఘాతంగా వేస్తారు. 4కి 54.6 వస్తుంది, 1.5కి దాదాపు 4.5, 0.5కి 1.6 పైచిలుకు. మూడూ కలిపితే 60.7. ఆ మొత్తంలో 54.6 వాటా ఎంత? 90 శాతం. స్క్రీన్ మీద కనిపించిన అంకె ఇదే.

ఇప్పుడు అవే మూడు స్కోర్లలోంచి తలా పది తీసేయండి. మైనస్ 6, మైనస్ 8.5, మైనస్ 9.5 అవుతాయి. మళ్లీ అదే లెక్క చేస్తే? ఆల్బాకి వచ్చేది అచ్చంగా 90 శాతమే. సాఫ్ట్‌మాక్స్ స్కోర్ల మధ్య తేడాలను మాత్రమే చూస్తుంది, స్కోర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడదు. అంటే ఫొటో ఒక పేరుకి బాగా సరిపోయి, మిగతా రెండింటికీ కొంత దూరంగా ఉన్నా 90 వస్తుంది. మూడింటికీ సరిపోకుండా, ఒకదానికి మాత్రం కాస్త తక్కువ దూరంలో ఉన్నా అదే 90 వస్తుంది. ఈ రెండు పరిస్థితుల మధ్య తేడా స్క్రీన్ దాకా చేరదు, మధ్యలోనే చెరిగిపోతుంది.

మన ఓటింగ్ యంత్రం మీద చివర్లో నోటా మీట ఉంటుంది. ఈ రకం మోడళ్లలో ఆ మీట లేదు. శాతాలన్నీ కలిపితే కచ్చితంగా 100 రావాలి కాబట్టి, ఉన్న పేర్లే ఆ నూరునీ పంచుకోవాలి. జాబితాలో లేని జబ్బు ఫొటో పెట్టినా, గోడ మీద మరక ఫొటో పెట్టినా, ఏదో ఒక పేరు ముందుకొస్తుంది. చాలాసార్లు పెద్ద శాతంతోనే వస్తుంది.

ఈ లోపం పరిశోధకులకి తెలియనిది కాదు. చర్మపు మచ్చల ఫొటోలతో పోటీలు పెట్టే ఐసిక్ అనే అంతర్జాతీయ బృందం 2019లో దీన్నే పరీక్షకి పెట్టింది. నేర్పడానికి ఇచ్చిన ఫొటోల్లో ఎనిమిది రకాలే ఉన్నాయి, పరీక్షలో మాత్రం ఆ ఎనిమిదిలో దేనికీ చెందని ఫొటోలు కూడా కలిపారు. తనకి తెలియనిదాన్ని తెలియదని చెప్పించడం ఇప్పటికీ ఈ రంగంలో కష్టమైన సమస్యే. కొందరు ఒక తక్కువ హద్దు పెట్టి, అది దాటకపోతే జవాబు ఇవ్వకుండా ఆపేస్తారు. కొందరు ఒకే ఫొటోని పలు మోడళ్లకి చూపించి, అవి ఏకాభిప్రాయానికి రాకపోతే డాక్టర్ని కలవమంటారు. ఇలా వెనక్కి తగ్గడం తెలిసిన యాప్ మంచిది. ఏ ఫొటోకీ ఎప్పుడూ చేతులెత్తేయని యాప్‌ని నేను నమ్మను. మీ దగ్గరున్న యాప్‌కి ఒకసారి దుప్పటి ఫొటో పెట్టి చూడండి. దుప్పటికి కూడా జబ్బు పేరు చెప్పిందంటే, రేపు మీ చేతికి చెప్పబోయే పేరు ఎలాంటి యంత్రం నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

జాబితాలో పేరున్నా మరో చిక్కు ఉంది. 90 శాతం అని యాప్ చెప్పిన వంద ఫొటోలు తీసుకుంటే, అందులో నిజంగా తొంభై సరైనవి కావాలి. అలా అయితే ఆ శాతానికి అర్థం ఉన్నట్టు. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. తూకం రాయి నిజంగా కిలో ఉందా అని సరిచూడటం లాంటి పని ఇది అనుకోవచ్చు గానీ, ఇక్కడ రాయి స్థానంలో ఉన్నవి మనుషుల ఫొటోలు, వాటి అసలు జబ్బు తేల్చడానికి బయాప్సీ దాకా వెళ్లాలి. 2017లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటి ఆధునిక న్యూరల్ నెట్‌వర్కులని ఇలా సరిచూశారు. అవి తమ నిజమైన ఖచ్చితత్వం కన్నా ఎక్కువ నమ్మకం ప్రకటిస్తున్నాయని తేలింది. నెట్‌వర్కులు పెద్దవవుతూ, తప్పులు తగ్గుతూ వచ్చాయి. అయినా ఉన్న తప్పుల్ని ధీమాగా చెప్పడం మాత్రం పెరిగింది.

ఆ ధీమాని తగ్గించడానికి వాళ్లు చూపించిన మార్గం చాలా సులువైనది. శాతాలుగా మార్చే ముందు స్కోర్లన్నింటినీ ఒకే అంకెతో భాగించడమే. మన పిల్లాడి స్కోర్లని రెండుతో భాగించి చూడండి: 2, 0.75, 0.25. ఇప్పుడు ఆల్బాకి 68 శాతం, శోభికి దాదాపు 20, బొల్లికి 12. పేర్ల వరుస మారలేదు. ఫొటో మారలేదు. మోడల్ నేర్చుకున్నదీ మారలేదు. అదే జవాబు 90తో వస్తే తల్లి ఫోన్ పక్కన పెట్టేది, 68తో వస్తే ఇంకొకరిని అడిగేది. ఏ అంకెతో భాగించాలో అసలు జబ్బు తెలిసిన వేరే ఫొటోలతో సరిచూసి నిర్ణయిస్తారు. ఆ పని చేశారా, ఎవరి ఫొటోలతో చేశారు అనేది యాప్ తయారు చేసినవాళ్లు చెప్పాలి. జర్మనీ రోగులతో సరిచూసిన తూకం జడ్చర్లలో కూడా సరిగ్గా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

ఇక్కడ చర్మం రంగు మాట వస్తుంది. ఈ రంగంలో చాలామంది చదువుకోవడానికి వాడే పదివేల ఫొటోల సంకలనం ఒకటుంది, 2018లో వెలువడింది. ఆస్ట్రియాలోని వియన్నా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌ల నుంచి సేకరించినవి. అందులో ఏడు రకాలే ఉన్నాయి. మూడింట రెండు వంతులు మామూలు పుట్టుమచ్చలు, మిగిలినవి చర్మ క్యాన్సర్లు, వాటిని పోలిన గడ్డలు. తెల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండి, ఎండకి చర్మ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చే దేశాల అవసరం అది. అందులో తామర లేదు, శోభి లేదు, కుష్ఠు లేదు. మన చేతి మీద మచ్చ ఫొటోని ఆ ఏడు రకాలే తెలిసిన మోడల్‌కి ఇస్తే, ఆ ఏడింట్లోనే ఒకటి చెబుతుంది.

నల్లటి చర్మం మీద ఈ మోడళ్లు ఎంత తడబడతాయో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో కొలిచారు. బయాప్సీతో జబ్బు తేలిన 570 మంది రోగుల నుంచి 656 ఫొటోలు సేకరించారు. లేత రంగు నుంచి ముదురు రంగు దాకా అన్ని రకాల చర్మాలూ ఉండేలా చూశారు. అంతకుముందు మంచి ఫలితాలు చూపించిన మోడళ్లకి ఈ ఫొటోలు పెడితే, వాటి పనితనం గట్టిగా పడిపోయింది. ముదురు చర్మం మీద ఇంకా పడిపోయింది. తర్వాత ఈ కొత్త ఫొటోలతోనే మళ్లీ నేర్పితే, లేత, ముదురు చర్మాల మధ్య ఉన్న ఆ తేడా తగ్గింది. అంటే యంత్రానికి చేతకాని పని కాదిది, చూపించకపోవడం వల్ల వచ్చిన లోటు. లేత చర్మం మీద వాపు ఎర్రగా కనిపిస్తుంది. మన చామనఛాయ మీద అదే వాపు గోధుమరంగులోనో, ఊదా ఛాయలోనో, బూడిదరంగులోనో కనిపిస్తుంది. ఎరుపుని చూసి నేర్చుకున్న మోడల్‌కి ఇక్కడ ఎరుపు దొరకదు.

మోడల్ ఫొటోలో దేన్ని చూసి జవాబు చెబుతోందో మనకి కనిపించదు. అది చర్మాన్నే చూస్తోందని మనం అనుకుంటాం. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డాక్టర్లు 2019లో ప్రచురించిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని బాగా కదిలించింది. చర్మ క్యాన్సర్ అనుమానం ఉన్న మచ్చని కోసి తీసేముందు సర్జన్లు దాని పక్కన ఊదారంగు సిరాతో గుర్తు పెడతారు. ఆ గుర్తు యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తుందా అని వాళ్లకి సందేహం వచ్చింది. 130 మచ్చలు తీసుకున్నారు. అందులో 107 హాని లేని పుట్టుమచ్చలు, 23 మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సర్లు. ఒక్కో మచ్చకీ సిరా గుర్తు లేని ఫొటో ఒకటి, గుర్తు ఉన్న ఫొటో ఒకటి మార్కెట్లో ఉన్న మోడల్‌కే చూపించారు. గుర్తు లేనప్పుడు 107 హాని లేని మచ్చల్లో 17ని అది క్యాన్సర్ అంది. గుర్తు ఉన్నప్పుడు 58ని క్యాన్సర్ అంది. మచ్చలు అవే, మనుషులు వాళ్లే. ఫొటో అంచున కాస్త సిరా చేరిందంతే. గుర్తు కనిపించకుండా ఫొటోని కత్తిరించి చూపిస్తే తప్పులు మళ్లీ తగ్గిపోయాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. నేర్పడానికి వాడిన ఫొటోల్లో సిరా గుర్తులున్నవి ఎక్కువగా డాక్టర్లు అనుమానించిన మచ్చలే అయి ఉంటాయి. యంత్రం సిరాకీ క్యాన్సర్‌కీ ముడిపెట్టుకుంది. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోల్లో కూడా ఇలాంటి ముడే పడుతుందని స్టాన్‌ఫర్డ్ వాళ్లు తమ మోడల్ గురించి తామే చెప్పారు. మనవైపు ఫొటోల్లో ఏమేమి ఉంటాయి? మచ్చ మీద పూసిన పసుపు, పౌడర్, జెన్షన్ వయొలెట్ ఊదామందు, గోరింటాకు. మచ్చ మీద ఇలా పూసినవి యూరప్ ఆసుపత్రి ఫొటోల్లో పెద్దగా కనిపించవు. యాప్‌కి చూపించే ముందు మచ్చని మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక ఫొటో తీయడం అందుకే అవసరం. ఫోన్ ముందు కెమెరాలో చర్మాన్ని నునుపుగా, తెల్లగా చూపించే సెట్టింగు ఉంటే అది పాలిపోయిన మచ్చని దాదాపు మాయం చేసేస్తుంది. వెనక కెమెరా వాడాలి, పగటి వెలుగులో తీయాలి.

ఇలా రెండు మూడు ఫొటోలు తీసి, ఒక్కోటీ విడివిడిగా పెట్టి చూడటం యాప్ లోపలి సందేహాన్ని బయటికి లాగే మంచి మార్గం. ఒకటి దగ్గర నుంచి, ఒకటి జానెడు దూరం నుంచి, ఒకటి కిటికీ వైపు తిరిగి. మచ్చ అదే కాబట్టి జవాబు కూడా అదే రావాలి. మొదట ఆల్బా 90, తర్వాత బొల్లి 75, ఆ తర్వాత శోభి 60 వచ్చాయనుకోండి, ఆ మూడు శాతాల్లో ఏదీ పట్టించుకోనక్కర్లేదు. యంత్రం ఊగుతోంది. మూడుసార్లూ ఒకే పేరు వస్తే మాత్రం అది నిజమని రుజువైనట్టు కాదు. జాబితాలో లేని జబ్బుని కూడా మూడుసార్లూ ఒకే తప్పు పేరుతో పిలవగలదు.

ఇప్పుడు ఇంకాస్త మంచి యాప్‌ని తీసుకుందాం. జాబితాలో కుష్ఠు కూడా ఉంది, మన చర్మం ఫొటోలతోనే నేర్పారు, తూకం కూడా సరిచూశారు. అయినా దాని జవాబుకి అర్థం ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. నిజంగా కుష్ఠు ఉన్న పది మందిలో ఎనిమిది మందిని ఆ యాప్ పట్టుకుంటుంది. లేని నూరు మందిలో ఐదుగురిని పొరపాటున కుష్ఠు అంటుంది. ఒక బడిలో క్యాంపు పెట్టారు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉన్న వెయ్యి మంది పిల్లల్ని చూశారు, వాళ్లలో నిజంగా కుష్ఠు ఉన్నవాళ్లు ఐదుగురు. యాప్ ఆ ఐదుగురిలో నలుగురిని పట్టుకుంది. మిగతా 995 మందిలో దాదాపు 50 మందిని కూడా కుష్ఠు అంది. అంటే కుష్ఠు అనిపించుకున్న 54 మందిలో నిజంగా ఉన్నవాళ్లు నలుగురే, నూటికి ఏడుగురు.

అదే యాప్‌ని జిల్లా ఆసుపత్రిలో పెట్టండి. అక్కడికి ఆశా కార్యకర్తలు, చిన్న డాక్టర్లు అనుమానంతో పంపినవాళ్లే వస్తారు. వాళ్లలో వెయ్యికి 200 మందికి కుష్ఠు ఉందనుకుందాం. యాప్ 160 మందిని పట్టుకుంటుంది. మిగతా 800లో 40 మందిని తప్పుగా అంటుంది. కుష్ఠు అనిపించుకున్న 200 మందిలో 160 మందికి నిజంగా ఉంది, నూటికి ఎనభై. యంత్రం అదే, దాని చూపు అదే, మాట అదే. బడిలో ఆ మాటకి నూటికి ఏడు విలువ, ఆసుపత్రిలో నూటికి ఎనభై. ఏ జనంలో పరీక్షించారో చెప్పకుండా మా యాప్ 95 శాతం ఖచ్చితం అనే ప్రకటన చూస్తే ఈ రెండు లెక్కలూ గుర్తుచేసుకోండి. బడి క్యాంపులో ఒక్క ఫొటో కూడా చూడకుండా ఎవరికీ కుష్ఠు లేదని అందరికీ చెప్పేసే యాప్ 99.5 శాతం ఖచ్చితం అవుతుంది. దానికి ఉన్న ఐదుగురూ దొరకరు.

ఇంతా చేసి, కుష్ఠుని కుష్ఠుగా తేల్చే ముఖ్యమైన గుర్తు ఫొటోలోకి రాదు. ఆ మచ్చకి స్పర్శ తెలియకపోవడమే ఆ గుర్తు. కుష్ఠు క్రిమి చర్మంలోని నరాల్లో చేరుతుంది. ముందుగా వేడి, చల్లదనం తెలియడం తగ్గుతుంది, తర్వాత స్పర్శ, నొప్పి. మచ్చ మీద చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి. మోచేతి లోపలివైపు ఎముక పక్కన వేళ్లతో తడిమితే అక్కడి నరం మందంగా, తాడులా తగలొచ్చు. ఇవి పిక్సెళ్లలో ఉండేవి కావు. ఎంత గొప్ప మోడలైనా వీటిని ఫొటోలోంచి చదవలేదు, ఊహించగలదంతే. బ్రెజిల్‌లో 2022లో కుష్ఠు కోసం మోడల్ తయారు చేసిన పరిశోధకులు అందుకే ఫొటోలు ఒక్కటే సరిపోవని, రోగి లక్షణాలని కూడా దానికి అందించారు.

స్పర్శ పరీక్ష చేయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. డాక్టరమ్మ దూదిని సన్నని కుచ్చుగా మెలిపెడుతుంది. ముందు పిల్లాడి కళ్లు తెరిచి ఉండగానే, మచ్చ లేని చోట తాకించి చూపిస్తుంది.

“చూశావా నాన్నా, ఇలా ముట్టుకుంటాను. నీకు తెలిసిన చోట వేలు పెట్టి చూపించాలి. సరేనా?”

రెండుసార్లు అలవాటయ్యాక కళ్లు మూసుకోమంటుంది. ఒకసారి మామూలు చర్మం మీద, ఒకసారి మచ్చ మధ్యలో, మళ్లీ ఇంకో చోట, ఏ క్రమం లేకుండా తాకిస్తుంది. కొన్నిసార్లు తాకకుండానే ఆగుతుంది, పిల్లాడు ఊరికే వేలు పెడుతున్నాడేమో తెలుసుకోవడానికి. దూదితో రాయకూడదు, తాకించి తీసేయాలి. మామూలు చర్మం మీద ప్రతిసారీ సరిగ్గా చూపించి, మచ్చ మధ్యలో మాత్రం పదేపదే తెలియలేదంటే అప్పుడది ఆల్బా కాదు. ఈ పరీక్షకి కూడా హద్దులున్నాయి. మరీ చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు. ముఖం మీద నరాలు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడి కుష్ఠు మచ్చకి స్పర్శ మిగిలే ఉండొచ్చు. బాగా తొలి దశలో కూడా అంతే. అప్పుడు కొన్ని నెలలాగి మళ్లీ చూస్తారు, లేదా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. తేలితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. కొన్ని మచ్చలే ఉంటే ఆరు నెలలు, ఎక్కువగా ఉంటే ఏడాది వాడాలి. క్రిములు చస్తాయి. కానీ అప్పటికే దెబ్బతిన్న నరం మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇక్కడ ఆలస్యమే నష్టం.

అందుకే యాప్ జవాబుని పై పేరుతో ఆపకుండా చదవాలి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూడండి. వాటిలో ఏదైనా నిజమైతే నేను చేయాల్సిన పని మారుతుందా అని అడగండి. ఆల్బా, శోభి మధ్య పొరపాటు జరిగితే పెద్దగా పోయేదేమీ లేదు. శోభికి ఫంగస్ మందు పడుతుంది, ఆలస్యమైతే మచ్చలు ఇంకొన్నాళ్లు ఉంటాయి. కానీ 5 శాతంతో అట్టడుగున కుష్ఠో మెలనోమానో ఉందంటే ఆ 5ని చిన్నదిగా తీసుకోకూడదు. ఇరవై మందిలో ఒకరికి తప్పించుకోలేని నష్టం జరగొచ్చంటే ఎవరమూ పక్కన పెట్టేయం. ఇక జాబితాలో కనిపించని పేరు సంగతి ఎలాగూ శాతం చెప్పదు. యాప్ ఏయే జబ్బుల్ని గుర్తుపట్టగలదో చూపించే పూర్తి జాబితా దాని వివరాల్లో ఎక్కడైనా ఉంటే, మచ్చ ఫొటో పెట్టకముందే అది చదవాలి. లేకపోతే, ఆ శాతం దేనిలో శాతమో మీకు తెలియనట్టే.

చివరగా, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మచ్చ మీద ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. మన దగ్గర మందుల షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్రీముల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద, ఎరుపు తగ్గుతాయి, ఫంగస్ మాత్రం కిందే విస్తరిస్తుంది. గుండ్రంగా, అంచు ఉబ్బి, పొట్టు రాలుతూ ఉండాల్సిన తామర ఆ రూపం పోగొట్టుకుంటుంది. దాన్ని ఫొటోలో చూసిన యాప్‌ ఎగ్జిమా అనో, సోరియాసిస్ అనో నిబ్బరంగా చెప్పొచ్చు, చూసినంతలో దాని తప్పు కూడా లేదు. స్టెరాయిడ్ చాలాకాలం రాసిన చోట చర్మం పలచబడి పాలిపోతుంది కూడా. అప్పుడు ఇంకో తెల్లమచ్చ తయారవుతుంది, దానికి ఇంకో పేరూ ఇంకో శాతమూ వస్తాయి. తామర అనుమానం ఉంటే డాక్టర్ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపు కింద ఫంగస్ పోగుల కోసం చూస్తారు. ఖర్చు తక్కువ, చాలాచోట్ల ఫలితం ఆ పూటే తెలుస్తుంది. ట్యూబు చూపించకపోతే మాత్రం ఆ పరీక్ష చేయాలన్న ఆలోచన డాక్టర్‌కి కూడా ఆలస్యంగా రావొచ్చు. మచ్చని మొదట చూసిన రోజు తీసిన ఫొటో ఫోన్‌లో ఉంటే అది కూడా చూపించండి. క్రీము రాయకముందు మచ్చ ఎలా ఉండేదో చెప్పేది ఆ ఫొటో ఒక్కటే.